మాక్స్‌వెల్ మోడలా, కెల్విన్ మోడలా: మీ పాలిమర్‌కి ఏది సరిపోతుంది?

పాలిమర్ కాలంతో ఎలా సాగుతుందో, ఎలా సడలుతుందో లెక్కగట్టే ఈ రెండు మోడళ్లలో ఏది వాడాలని అడిగేవాళ్లకి నేను ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తాను. మీ ప్రయోగంలో కదలకుండా పట్టి ఉంచుతున్నది దేన్ని, పొడవునా, బరువునా? చాలామంది దగ్గర దీనికి వెంటనే జవాబు ఉండదు. చేతిలో డేటా ఉంటుంది, పుస్తకంలో రెండు బొమ్మలు ఉంటాయి, గ్రాఫ్ ఏదో ఒకదానికి అతికితే చాలనుకుంటారు. నిజానికి ఆ ఒక్క ప్రశ్నకి జవాబు తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

ఇంట్లో ఉన్న వస్తువులతోనే చూద్దాం. ప్రెషర్ కుక్కర్ మూత బిగించాక గ్యాస్కెట్ ఎంత నొక్కుకుందో అంతే నొక్కుకుని ఉంటుంది. దాని మందం ఇక మారదు, కానీ అది మూతని తిరిగి తోసే బలం మాత్రం కాలంతో తగ్గుతుంది. దీన్నే స్ట్రెస్ రిలాక్సేషన్ అంటారు. ఇప్పుడు ఒక పాలిథీన్ పట్టీకి బరువు కట్టి వేలాడదీయండి. ఇక్కడ మారనిది బరువు, మెల్లగా పెరిగేది పొడవు. ఇది క్రీప్. ఆ బరువు తీసేస్తే పట్టీ కొంత వెంటనే పొట్టిదవుతుంది, ఇంకొంత తీరిగ్గా పొట్టిదవుతుంది. ఆ తీరుబడి భాగమే డిలేయ్డ్ రికవరీ, అంటే ఆలస్యంగా కోలుకోవడం. మెమరీ ఫోమ్ దిండు మీద చెయ్యి నొక్కి తీస్తే వేళ్ల గుంట నిమిషం పాటు కనిపించి మాయమవుతుంది కదా, అదీ ఇదే.

ఇంటర్ పుస్తకాల్లో స్ట్రెస్‌ని ప్రతిబలమనీ, స్ట్రెయిన్‌ని వికృతి అనీ చదువుకున్నాం. ల్యాబ్‌లో అందరూ స్ట్రెస్, స్ట్రెయిన్ అనే అంటారు కాబట్టి ఇక్కడ కూడా అలాగే రాస్తాను. సమీకరణాల్లో స్ట్రెస్ σ, స్ట్రెయిన్ ε.

## ముందు ఏం చూసుకోవాలి

మోడల్ ఎంచుకునే ముందు మీ డేటాని మూడు చోట్ల చూడండి.

మొదటిది తొలి క్షణం. బరువు వేసిన వెంటనే స్ట్రెయిన్ ఒక్కసారిగా దూకిందా, లేక సున్నా నుంచి మెల్లగా మొదలైందా? రెండోది ఆఖరు. చాలాసేపు ఆగాక స్ట్రెస్ సున్నాకి పోతోందా, ఏదో ఒక అంకె దగ్గర నిలబడుతోందా? స్ట్రెయిన్ విషయంలోనూ ఇదే ప్రశ్న: పెరుగుతూనే ఉందా, ఆగిందా? మూడోది తిరుగు ప్రయాణం. బరువు తీశాక ఎంత వెంటనే వచ్చింది, ఎంత ఆలస్యంగా వచ్చింది, ఎంత అసలు రాలేదు? నా లెక్కలో ఈ మూడోదే అన్నిటికన్నా విలువైన సమాచారం. విచిత్రంగా చాలా ప్రయోగాల్లో దీన్నే వదిలేస్తారు. బరువు తీయగానే మెషిన్ ఆపేసి టీకి వెళ్లిపోతారు.

వీటితో పాటు కాలం కొలత కూడా ఉండాలి. ప్రతి పాలిమర్‌కీ తన గొలుసు అణువులు సర్దుకోవడానికి కొంత సమయం పడుతుంది. మీరు దాన్ని గమనించే సమయం అంతకన్నా బాగా తక్కువైతే అది గట్టి ఘనపదార్థంలా కనిపిస్తుంది, బాగా ఎక్కువైతే ద్రవంలా కారుతున్నట్టు కనిపిస్తుంది. ఈ రెండు కాలాల నిష్పత్తికి మార్కస్ రైనర్ 1964లో డెబోరా సంఖ్య అని పేరు పెట్టాడు. దేవుడి ముందు పర్వతాలు కూడా ప్రవహించాయని బైబిల్లో డెబోరా పాడిన పాట నుంచి తీసుకున్న పేరది. ఓపిగ్గా చూసేవాడికి కొండ కూడా ద్రవమే అన్నమాట.

## రెండు మోడళ్లకీ సామాను ఒకటే

రెండింట్లోనూ ఉన్నవి ఒక స్ప్రింగ్, ఒక డ్యాష్‌పాట్. స్ప్రింగ్ లాగినంత సాగి, వదిలితే వెంటనే వెనక్కి వస్తుంది. దాని గట్టితనం E. డ్యాష్‌పాట్ అంటే చిక్కటి నూనెలో కదిలే పిస్టన్. ఆఫీసు తలుపుల పైన ఉండే డోర్ క్లోజర్ లోపలి నూనె సిలిండర్‌ని గుర్తు తెచ్చుకోండి, తలుపు దఢాల్న పడకుండా ఆపేది అదే. ఎంత వేగంగా లాగితే అంత ఎదురు తిరుగుతుంది, వదిలేస్తే ఉన్నచోటే ఉండిపోతుంది. దాని చిక్కదనం η.

స్ప్రింగ్‌కి గతం గుర్తుంటుంది, డ్యాష్‌పాట్‌కి ఉండదు. ఒకదాని వెనక ఒకటి కడితే మాక్స్‌వెల్ మోడల్. పక్కపక్కన కడితే కెల్విన్ మోడల్. దీన్నే కెల్విన్-వోయిట్ అనీ, ఒక్కోచోట వోయిట్ అనీ రాస్తారు. మూడు పేర్లు చూసి మూడు మోడళ్లనుకుని కంగారు పడొద్దు.

తమాషా ఏంటంటే వీళ్లెవరూ పాలిమర్ల గురించి ఆలోచించలేదు. జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ ఈ ఆలోచన రాసింది 1867లో, వాయువుల సిద్ధాంతం మీద రాసిన వ్యాసంలో. విలియం థామ్సన్ 1865లో లోహాల స్థితిస్థాపకత, స్నిగ్ధతల మీద రాశాడు. ఆయన లార్డ్ కెల్విన్ అయ్యింది 1892లో. పాలిమర్లంటే పొడవాటి గొలుసు అణువులని రసాయన శాస్త్రవేత్త స్టౌడింగర్ వాదించింది 1920లో. అంటే మోడల్ ముందు పుట్టింది, పదార్థం సంగతి తర్వాత తెలిసింది. స్ప్రింగ్, డ్యాష్‌పాట్ అనేవి అణువుల బొమ్మలు కావనీ, ప్రవర్తనకి వేసిన బొమ్మలు మాత్రమేననీ ఈ చరిత్ర చూస్తేనే అర్థమవుతుంది.

## మాక్స్‌వెల్: పొడవు పట్టి ఉంచినప్పుడు

వరుసగా కట్టారు కాబట్టి రెండింటి మీదా స్ట్రెస్ ఒకటే, స్ట్రెయిన్లు కలుస్తాయి.

```
dε/dt = (1/E)·dσ/dt + σ/η
ε స్థిరం అయితే:  σ(t) = σ0·exp(−t/τ),   τ = η/E
```

చటుక్కున లాగి పట్టుకున్నారనుకోండి. ఆ క్షణంలో డ్యాష్‌పాట్ కదలదు, సాగేదంతా స్ప్రింగే. తర్వాత స్ప్రింగ్ పొట్టిదవుతూ డ్యాష్‌పాట్‌ని మెల్లగా లాక్కుంటుంది. మొత్తం పొడవు మారదు గానీ, లోపల స్ప్రింగ్ వాటా తగ్గి డ్యాష్‌పాట్ వాటా పెరుగుతుంది. స్ట్రెస్ తగ్గేది అందుకే. τ అంత సమయం గడిచేసరికి మొదటి స్ట్రెస్‌లో 37 శాతం మిగులుతుంది. అయిదు τలు దాటాక మిగిలేది ఒక్క శాతం లోపే.

కరిగిన ప్లాస్టిక్‌కీ, గొలుసుల మధ్య అడ్డుకట్లు లేని మెత్తటి పాలిమర్‌కీ ఇది బాగా నప్పుతుంది. వాటిలో గొలుసులు ఒకదాని మీంచి ఒకటి జారుకుంటూ చివరికి స్ట్రెస్ అంతా వదిలించుకోగలవు. వల్కనైజ్ చేసిన రబ్బరులో గంధకం కట్టిన ముడులు అలా జారనివ్వవు. దానిలో స్ట్రెస్ కొంత తగ్గి ఆగిపోతుంది, సున్నాకి పోదు.

ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. వేడిలో రబ్బరు గొలుసులనే ఆక్సిజన్ తెంచేస్తుంది. ఆర్థర్ టొబోల్స్కీ బృందం 1940లలో వేడి రబ్బరు మీద చేసిన పనిలో చూపించింది ఇదే: లాగి పట్టుకున్న రబ్బరులో స్ట్రెస్ తగ్గడానికి కారణం గొలుసులు సర్దుకోవడం కాదు, తెగిపోవడం. అప్పుడు తగ్గుదల దాదాపు మాక్స్‌వెల్ గీతలాగే కనిపించవచ్చు. కానీ ఆ τ రసాయన చర్య వేగాన్ని చెబుతుంది, స్నిగ్ధతని కాదు. రోజూ ఆవిరిలో ఉడికే కుక్కర్ గ్యాస్కెట్ కొన్నాళ్లకి వదులైపోవడంలో ఈ రెండో రకం నష్టం కూడా ఉంటుంది. అందుకే అలాంటి గ్యాస్కెట్ ఒక రాత్రి విడిగా పెట్టినంత మాత్రాన పూర్తిగా కోలుకోదు.

మాక్స్‌వెల్ బలహీనత క్రీప్‌లో బయటపడుతుంది. బరువు కడితే స్ప్రింగ్ వెంటనే సాగి ఊరుకుంటుంది, డ్యాష్‌పాట్ మాత్రం ఒకే వేగంతో జారుతూనే ఉంటుంది. గ్రాఫ్ మీద అది తిన్నని గీత. నిజమైన పాలిమర్ మొదట వేగంగా సాగి తర్వాత నెమ్మదిస్తుంది. ఆ వంపు మాక్స్‌వెల్‌లో ఎక్కడా లేదు. బరువు తీస్తే స్ప్రింగ్ భాగం టక్కున వస్తుంది, మిగతాది అలాగే ఉండిపోతుంది. ఆలస్యంగా కోలుకోవడమన్నది ఈ మోడల్‌కి తెలియదు.

## కెల్విన్: బరువు పట్టి ఉంచినప్పుడు

పక్కపక్కన కట్టారు కాబట్టి రెండింటి స్ట్రెయిన్ ఒకటే, స్ట్రెస్‌లు కలుస్తాయి.

```
σ = E·ε + η·dε/dt
σ స్థిరం అయితే:   ε(t) = (σ/E)·[1 − exp(−t/τ)]
బరువు తీశాక:     ε(t) = ε1·exp(−t/τ)
```

బరువు వేయగానే స్ప్రింగ్ సాగాలనుకుంటుంది, పక్కనున్న డ్యాష్‌పాట్ ఆపుతుంది. కాబట్టి స్ట్రెయిన్ సున్నా దగ్గర మొదలై వంపు తిరుగుతూ σ/E దగ్గర ఆగుతుంది. బరువు తీస్తే స్ప్రింగ్ వెనక్కి లాగుతుంది, డ్యాష్‌పాట్ మళ్లీ నెమ్మది చేస్తుంది. దిండు మీద గుంట పూడినట్టు నెమ్మదిగా, కానీ పూర్తిగా సున్నాకి వస్తుంది. డిలేయ్డ్ రికవరీకి ఇంతకన్నా చిన్న మోడల్ లేదు.

స్ట్రెస్ రిలాక్సేషన్ దగ్గరికొచ్చేసరికి ఇది చేతులెత్తేస్తుంది. చటుక్కున లాగాలంటే డ్యాష్‌పాట్ అనంతమైన బలం అడుగుతుంది. పోనీ మెల్లగా లాగి ఆపామనుకోండి, ఆపిన క్షణంలో డ్యాష్‌పాట్ వాటా పోయి స్ప్రింగ్ వాటా అలాగే మిగులుతుంది. ఆ తర్వాత ఎన్ని రోజులు చూసినా స్ట్రెస్ కదలదు. రిలాక్సేషన్ డేటాకి కెల్విన్ అతికించాలని కూర్చున్నవాళ్లని చూశాను. ఎంత తిప్పినా అతకదు, ఎందుకంటే సమీకరణంలో ఆ సంగతే లేదు.

| చూసేది | మాక్స్‌వెల్ | కెల్విన్ |
|---|---|---|
| బరువు వేసిన తొలి క్షణం | వెంటనే దూకుతుంది | సున్నా నుంచి మెల్లగా |
| చాలాసేపు బరువు ఉంచితే | ఆగకుండా సాగుతుంది | ఒకచోట ఆగుతుంది |
| పొడవు పట్టి ఉంచితే | స్ట్రెస్ సున్నాకి తగ్గుతుంది | తగ్గుదల లేదు |
| బరువు తీశాక | కొంత టక్కున, మిగతాది ఎప్పటికీ రాదు | మెల్లగా, పూర్తిగా వస్తుంది |
| ఆఖరికి ప్రవర్తన | ద్రవం | ఘనం |

## ఒక పట్టీని లెక్కగట్టి చూద్దాం

లెక్క తేలిగ్గా ఉండేలా నేనే ఎంచుకున్న అంకెలివి, ఏ కంపెనీ పట్టీవీ కావు. ఒక ప్లాస్టిక్ పట్టీ మీద 5 మెగాపాస్కల్ స్ట్రెస్ గంటసేపు ఉంచాం. వేసిన వెంటనే స్ట్రెయిన్ 0.5 శాతం. గంట చివర 1.4 శాతం. బరువు తీయగానే 0.9కి పడింది. పది నిమిషాలకి 0.6. మర్నాటికి 0.3, ఆపైన కదల్లేదు.

ముందు ఒక్క మాక్స్‌వెల్‌తో ప్రయత్నిద్దాం. మొదట దూకిన 0.5 స్ప్రింగ్‌ది, మిగిలిన 0.9 డ్యాష్‌పాట్‌ది అనుకోవాలి. ఆ లెక్కన బరువు తీశాక 0.9 దగ్గర ఎప్పటికీ ఆగిపోవాలి. ఒక్క కెల్విన్‌తో అయితే 1.4 అంతా ఆలస్యపు భాగమే. τ ని 866 సెకన్లుగా తీసుకుందాం, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో కిందనే చెబుతాను.

| బరువు తీశాక | కొలిచింది | మాక్స్‌వెల్ ఒక్కటే | కెల్విన్ ఒక్కటే |
|---|---|---|---|
| వెంటనే | 0.9 | 0.9 | 1.4 |
| 10 నిమిషాలకి | 0.6 | 0.9 | 0.7 |
| మర్నాడు | 0.3 | 0.9 | 0 |

మాక్స్‌వెల్ తొలి క్షణం సరిగ్గా చెప్పి ఆ తర్వాత మొద్దుబారింది. కెల్విన్ మధ్యలో దగ్గరికొచ్చి రెండు చివర్లా తప్పింది. ఇలాంటప్పుడు రెంటినీ వరుసగా కలిపితే వచ్చేది బర్గర్స్ మోడల్. దాని అంకెలు తిరుగు ప్రయాణం నుంచే తీయొచ్చు, కంప్యూటర్ అక్కర్లేదు.

బరువు తీయగానే టక్కున వచ్చింది 0.5 శాతం. అది విడి స్ప్రింగ్. 5 మెగాపాస్కల్‌ని 0.005తో భాగిస్తే E = 1000 మెగాపాస్కల్. ఎప్పటికీ రానిది 0.3 శాతం. అది విడి డ్యాష్‌పాట్. 3600 సెకన్లలో అంత జారిందంటే η = 5×10⁶ × 3600 / 0.003, అంటే 6×10¹² పాస్కల్-సెకన్లు. ఇక ఆలస్యంగా వచ్చింది 0.9 − 0.3 = 0.6 శాతం. అది కెల్విన్ జంట. పది నిమిషాల్లో ఆ 0.6లో సగం పోయి 0.3 మిగిలింది, కాబట్టి τ = 600 / 0.693 = 866 సెకన్లు. గంట అంటే అలాంటి τలు నాలుగు పైచిలుకు. అంతసేపట్లో కెల్విన్ జంట తన ఆఖరి స్ట్రెయిన్‌లో 98 శాతానికి చేరి ఉంటుంది. దాన్ని సర్దితే దాని E సుమారు 820 మెగాపాస్కల్.

ఇక్కడొక అనుమానం రావాలి, రాకపోతే తెచ్చుకోండి. ఆ 0.3 శాతం నిజంగా శాశ్వతమేనా, లేక ఇంకా పెద్ద τతో నెలల తరబడి వెనక్కి వచ్చే భాగమా? ఒక్క రోజు చూసి చెప్పలేం. ఇంకా చాలా రోజులు ఆగి చూడాలి. అయినా తేలకపోతే కొంచెం వేడి చేసి చూడండి. వేడికి గొలుసులు కదలడం సులువవుతుంది, గడ్డకట్టి ఉన్న ఆలస్యపు స్ట్రెయిన్ బయటికొస్తుంది. కూల్‌డ్రింక్ పెట్ బాటిల్‌లో మరిగే నీళ్లు పోస్తే ముడుచుకుపోయేది అందుకే. ఫ్యాక్టరీలో సాగదీసి చల్లార్చినప్పుడు లోపల బందీ అయిన స్ట్రెయిన్ అది. చూడ్డానికి శాశ్వతంగా ఉంటుంది, కాదు.

ఇంకో జాగ్రత్త. ఇదే బర్గర్స్ లెక్కతో పది గంటల క్రీప్ చెప్పమంటే 0.5, 0.6, 3.0 కలిపి 4.1 శాతం అంటుంది. నిజమైన గట్టి ప్లాస్టిక్కుల్లో క్రీప్ కాలంతో మందగిస్తుంది కాబట్టి డ్యాష్‌పాట్ ఇచ్చే ఈ తిన్నని గీత సాధారణంగా ఎక్కువే చెబుతుంది. గంట డేటాతో పది గంటలు చెప్పడం వరకూ ఫర్వాలేదేమో గానీ, పదేళ్లు చెప్పకండి.

## గ్యాస్కెట్ లెక్క: ఒక్క τ ఎందుకు చాలదు

ఇప్పుడు మందం పట్టి ఉంచిన రబ్బరు ముక్క. మళ్లీ ఇవి నా అంకెలే, కానీ రబ్బరు నడిచే తీరులోనే ఉన్నాయి. మొదట తోసే బలం 100 న్యూటన్లు. గంటకి 80, పది గంటలకి 71, వంద గంటలకి 62. కాలం పది రెట్లు పెరిగిన ప్రతిసారీ తొమ్మిదేసి తగ్గుతోందని గమనించండి. గంటల లెక్కన గీస్తే గీత పడిపోయి చదునైనట్టు కనిపిస్తుంది, లాగ్ కాలం మీద గీస్తే ఇంకా దిగుతూనే ఉందని తెలుస్తుంది.

ఒక్క మాక్స్‌వెల్‌ని మొదటి గంటకి అతికిస్తే τ = 4.5 గంటలు. అది పది గంటలకి 11 న్యూటన్లే మిగులుతాయంటుంది. కొలిచింది 71. అంటే అది చెప్పినట్టు జరిగితే ప్రతి కుక్కరూ మధ్యాహ్నానికే ఆవిరి కారాలి.

పక్కన ఇంకో స్ప్రింగ్ చేర్చి 60 దగ్గర ఆగేలా చేద్దాం. దీన్ని స్టాండర్డ్ లీనియర్ సాలిడ్ అంటారు, కొందరు జెనర్ మోడల్ అంటారు. గంటకి 80 కావాలంటే τ = 1.44 గంటలు. పది గంటలకి అది 60.04 అంటుంది. రెండు చివరలూ బాగున్నా మధ్యలో పదకొండు న్యూటన్ల తేడా. ఇక్కడే ఇంకో సంగతి: ఇదే ముక్క మీద పొడవు బదులు బరువు పట్టి ఉంచితే కనిపించే τ 1.44 కాదు. ఆ మోడల్‌లో అది మొదటి గట్టితనం, ఆఖరి గట్టితనాల నిష్పత్తి మేరకు పెరుగుతుంది, 1.44 × 100/60 = 2.4 గంటలు. పొడవు పట్టినప్పటి రిలాక్సేషన్ కాలం, బరువు పట్టినప్పటి రిటార్డేషన్ కాలం రెండూ ఒకటి కావు. ఒక ప్రయోగంలో వచ్చిన τ తీసుకెళ్లి ఇంకో ప్రయోగం లెక్కలో పెట్టడం నేను చూసిన తప్పుల్లో అన్నిటికన్నా ఎక్కువసార్లు చూసింది.

ఆ స్ప్రింగ్ పక్కన మూడు మాక్స్‌వెల్ జంటలు పెడితే? τలు 0.5, 5, 50 గంటలుగా తీసుకుని, వాటి వాటాలు 21.5, 6.1, 12.0 అనీ, కింద ఆగే అంకె 60.4 అనీ పెడితే నాలుగు కొలతలూ కుదురుతాయి. దీన్నే ప్రోనీ శ్రేణి అంటారు, సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్లు అడిగేది ఇదే. చూసి మురిసిపోకండి. నాలుగు కొలతలకి నాలుగు అంకెలు పెట్టాం, కుదరక చస్తుందా! వెయ్యి గంటలకి ఇది 60.4 దగ్గరే ఆగిపోయింది అంటుంది. లాగ్ గీత ప్రకారం 53 రావాలి. మీరు కొలవని కాలం గురించి ప్రోనీకి ఏమీ తెలియదు, తెలిసినట్టు మాత్రం జవాబిస్తుంది. వెయ్యి గంటల జవాబు కావాలంటే అంతసేపు కొలవండి, లేదా ఎక్కువ వేడిలో తక్కువసేపు కొలిచి కాలాన్ని మార్చే పద్ధతి వాడండి.

## మీరు ఎవరైతే ఏది

పరీక్ష రాసే విద్యార్థికి పై పట్టిక, రెండు సమీకరణాలు చాలు. మార్కులు పోయేది సాధారణంగా స్ట్రెస్ కలుస్తుందా స్ట్రెయిన్ కలుస్తుందా అన్న దగ్గర. వరుసగా అంటే స్ట్రెస్ ఒకటి, పక్కపక్కన అంటే స్ట్రెయిన్ ఒకటి. కరెంటు సర్క్యూట్‌తో పోల్చి గుర్తుపెట్టుకునేవాళ్లు జాగ్రత్త, స్ట్రెస్‌ని వోల్టేజ్ అనుకుంటే బొమ్మ తలకిందులవుతుంది.

బిగించి ఉంచే వస్తువులు, అంటే సీళ్లు, ప్లాస్టిక్ క్లిప్పులు, కేబుల్ టైలు డిజైన్ చేసేవాళ్లకి మాక్స్‌వెల్ వైపు మోడల్ కావాలి, కానీ ఒంటరి మాక్స్‌వెల్ కాదు. పక్కన ఒక స్ప్రింగ్ తప్పనిసరి, లేకపోతే మీ క్లిప్పు ఎప్పుడో ఒకప్పుడు పూర్తిగా వదిలేస్తుందని లెక్క చెబుతుంది.

బరువు మోసే వస్తువులకి, అంటే అరలు, పైపు హ్యాంగర్లు, సీటు ఫోములకి కెల్విన్ వైపు నుంచి మొదలుపెట్టండి. ముందు ఒక విడి స్ప్రింగ్ కలపండి. శాశ్వతంగా వంగుతుందన్న భయం ఉంటే డ్యాష్‌పాట్ కూడా కలిపి బర్గర్స్‌కి వెళ్లండి.

కరిగిన ప్లాస్టిక్‌తో పనిచేసేవాళ్లకి మాత్రం మాక్స్‌వెల్ కుటుంబమే సరి. డై నుంచి బయటికి వచ్చిన ప్లాస్టిక్ ఉబ్బడం లాంటివి వాళ్లకి రోజూ కనిపిస్తాయి. కెల్విన్‌తో ద్రవం ప్రవహించదు, అక్కడితో మాట అయిపోయింది.

## మోడల్‌ని తిట్టే ముందు

చాలాసార్లు తప్పు మోడల్‌ది కాదు, ప్రయోగానిది. రిలాక్సేషన్ పరీక్షలో గ్రిప్పులు జారుతుంటే గ్రాఫ్ అచ్చం రిలాక్సేషన్‌లాగే ఉంటుంది. నమూనా మీద గ్రిప్పు అంచు దగ్గర పెన్నుతో గీత గీసి, పరీక్షయ్యాక ఆ గీత జరిగిందో లేదో చూడండి.

లాగడానికి పట్టే సమయం ఇంకో దొంగ. చటుక్కున లాగాం అనుకుంటాం, మెషిన్‌కి రెండు సెకన్లు పట్టి ఉంటుంది. ఆ రెండు సెకన్లలోనే తొందరగా సర్దుకునే భాగం సర్దుకుపోయింది. కాబట్టి మొదటి ఇరవై సెకన్ల డేటాని τ తీయడానికి వాడకపోవడం మంచిది. లాగిన సమయానికి పది రెట్లు దాటాకే నమ్మాలి.

ఉష్ణోగ్రత సంగతి ఇంకా ఘోరం. పాలిమర్ గాజులా గట్టిపడే ఉష్ణోగ్రత దగ్గర, చాలా పాలిమర్లకి సుమారుగా సరిపోయే డబ్ల్యూఎల్ఎఫ్ సమీకరణం ప్రకారం, మూడు డిగ్రీల తేడాకే τ దాదాపు పది రెట్లు మారుతుంది. రాత్రి ఏసీ ఆపేసిన ల్యాబ్‌లో నడిచిన పరీక్షకి రెండు τలు వచ్చాయంటే దానిలో కొత్త భౌతికశాస్త్రం ఏమీ లేదు.

చివరగా, ఈ మోడళ్లన్నీ స్ట్రెస్ రెట్టింపైతే స్ట్రెయిన్ కూడా ప్రతి క్షణంలో రెట్టింపవుతుందన్న నమ్మకం మీద నిలబడ్డాయి. దాన్ని ఒకసారి పరీక్షించండి. మన పట్టీని 5 బదులు 2.5 మెగాపాస్కల్‌తో మళ్లీ నడిపితే వెంటనే 0.25, గంటకి 0.7 రావాలి. వెంటనే 0.25 వచ్చి గంటకి 0.55 వస్తే, 5 మెగాపాస్కల్ దగ్గర మీరు సరళ రేఖ దాటిపోయారని అర్థం. అప్పుడు స్ప్రింగులు ఎన్ని చేర్చినా లాభం లేదు, బరువు తగ్గించి మొదటి నుంచి కొలవాలి.

రబ్బరు వాళ్లకి ఒక మాట. కంప్రెషన్ సెట్ పరీక్షకి వాడే ASTM D395లో, నొక్కి ఉంచి తీసిన ముక్క మందాన్ని 30 నిమిషాలు ఆగి కొలవమని రాసి ఉంటుంది. ఒక ముక్క పది నిమిషాలకీ, పక్క ముక్క గంటకీ కొలిచిన పట్టికలు నా దగ్గరికి వస్తుంటాయి. వాటిలో కనిపించే తేడా రబ్బరుదా, గడియారానిదా అన్నది అప్పుడిక ఎవరూ చెప్పలేరు.